చివరి పీరియడ్‌లో చెప్పిన మాటలు

తెలంగాణలో ఒక చిన్న పట్టణంలోని ప్రభుత్వ డిగ్రీ కళాశాల. అక్కడ రసాయనశాస్త్రం చెప్పిన గెస్ట్ లెక్చరర్ గడువు ఈ విద్యాసంవత్సరంతో తీరిపోయింది. ఆఖరి పీరియడ్‌లో ఆమె సెకండియర్ పిల్లలతో మాట్లాడిన మాటలు మా దృష్టికి వచ్చాయి. అందులో కవిత్వం లేదు, కన్నీళ్లు లేవు, భవిష్యత్తు గురించి ఉపన్యాసం లేదు. ఆమె చెప్పినవి దాదాపుగా ఇవి:

"నాన్నా, మీ ఇంటర్నల్స్ మార్కులు ఈ కాగితంలో ఉన్నాయి. ఎవరివి వాళ్లు చూసుకుని, పక్కన సంతకం పెట్టి, ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి. ప్రాక్టికల్ రికార్డులు ఇవాళ సాయంత్రంలోగా తెచ్చివ్వండి, రేపట్నించి నా సంతకం చెల్లదు. నాలుగో యూనిట్‌లో చివరి భాగం నేను పూర్తి చేయలేకపోయాను. వదిలేశానని అనుకోకండి, పరీక్షలో అది అడుగుతారు. ల్యాబ్ స్టోర్‌లో కింది అరలో ఈథర్ సీసా ఒకటి పాతది ఉంది, దాని మూత ఎవరూ తిప్పొద్దు. ప్రిన్సిపాల్ గారికి రాసిచ్చాను. అయినా మీకూ చెబుతున్నాను."

వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "మేడం, వచ్చే ఏడు మీరే వస్తరు కదా?" అని అడిగింది. "తెలియదమ్మా. వస్తానని మాటివ్వను. ఎవరొచ్చినా మొదటి వారంలోనే వాళ్లను అడగడం మొదలుపెట్టండి, నాకోసం ఆగకండి" అన్నారు ఆమె.

ఈ మాటలను ఒక మంచి అధ్యాపకురాలి శ్రద్ధగా మెచ్చుకుని ఊరుకోవచ్చు. ఆమె మెప్పుకు అర్హురాలే. కానీ ఇందులోని ప్రతి వాక్యం ఒక ప్రమాదాన్ని చూపిస్తోంది. మార్కుల పట్టీ, రికార్డులు, మిగిలిపోయిన పాఠం, ల్యాబ్‌లో ఉన్న అపాయం... ఇవన్నీ ఒక సంస్థ తన దగ్గర భద్రంగా పెట్టుకోవాల్సిన సమాచారం. అది గంటల లెక్కన వేతనం తీసుకుని వెళ్లిపోతున్న ఒక మనిషి తలలో మాత్రమే ఉంది. ఆమె చెప్పకుండా వెళ్లి ఉంటే ఏమయ్యేదో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు ఇంటర్నల్స్. సెమిస్టర్ పద్ధతిలో ప్రతి పేపర్‌కూ కొన్ని మార్కులు కళాశాలలోనే వేస్తారు. పరీక్ష పెట్టేదీ, దిద్దేదీ, అసైన్‌మెంట్ చూసేదీ, జాబితా తయారు చేసేదీ ఆ సబ్జెక్టు లెక్చరరే. ఆ జాబితా కళాశాల ఆఫీసుకు వెళ్తుంది, అక్కణ్నుంచి యూనివర్సిటీకి ఎక్కుతుంది. ఎక్కించేటప్పుడు హాల్‌టికెట్ నంబరు ఒకటి అటూ ఇటూ అయినా, ఒక వరుస జారిపోయినా, పరీక్ష రాసిన పిల్లవాడు మెమోలో గైర్హాజరుగా కనబడతాడు. ఈ తప్పు బయటపడేది ఫలితాలు వచ్చాకే. అంటే నెలల తర్వాత. అప్పటికి ఆ లెక్చరర్ కళాశాలలో ఉండరు. రెగ్యులర్ లెక్చరరైతే పిల్లవాడు స్టాఫ్ రూముకు వెళ్లి అడుగుతాడు, ఆయన తన రిజిస్టర్ తీసి చూపిస్తాడు, ప్రిన్సిపాల్ లేఖ రాస్తారు, సరిదిద్దుతారు. గెస్టు మేడం వెళ్లిపోయాక ఆఫీసులో వినబడే జవాబు ఒకటే: "ఆ మేడం ఇప్పుడు లేరు." జవాబుపత్రం ఎక్కడుందో, ఏ బీరువాలో పెట్టారో, అసలు పెట్టారో లేదో చెప్పేవాళ్లుండరు. దినకూలీకి వెళ్లే తల్లిదండ్రులున్న పిల్లవాడు ఛార్జీలు పెట్టుకుని యూనివర్సిటీ చుట్టూ ఎన్నిసార్లు తిరగగలడు? చాలామంది తిరగరు, మళ్లీ ఫీజు కట్టి మళ్లీ రాస్తారు. రాసిన పరీక్షనే రెండోసారి రాస్తున్నారని ఎవరి లెక్కలోకీ రాదు. బ్యాక్‌లాగ్ అన్న ఒక్క మాట కిందికి అదీ వెళ్లిపోతుంది. ఫొటో తీసి ఉంచుకోమని ఆమె చెప్పడం వెనక ఇంత కథ ఉంది.

రెండోది, మిగిలిపోయిన పాఠం. డిగ్రీలో నాలుగు క్రెడిట్ల పేపర్ అంటే వారానికి నాలుగు పీరియడ్లు. పదిహేను వారాల సెమిస్టర్‌లో మొత్తం 60. నాలుగు యూనిట్లకు తలా పదిహేను గంటలు అనుకుని సిలబస్ తయారవుతుంది. ఇప్పుడు సెమిస్టర్ మొదలై నాలుగు వారాలు గడిచాక గెస్ట్ లెక్చరర్ల నియామకానికి అనుమతి వచ్చిందనుకుందాం. దరఖాస్తులు పిలవడం, సర్టిఫికెట్లు చూడడం, డెమో తరగతి, ఎంపిక, చేరిక... వీటికి మరో వారం పడుతుంది. అంటే 20 పీరియడ్లు పోయాయి, ఒక యూనిట్ పూర్తిగా పోయి రెండో యూనిట్‌లో కూడా కొంత పోయింది. మిగిలిన 40లో ఇంటర్నల్ పరీక్షలకూ పండగలకూ పోగా చేతికొచ్చేది ఇంకా తక్కువ. ఆ కాస్తలో నాలుగు యూనిట్లూ చెప్పాలి. ఏ లెక్చరరైనా అప్పుడు చేసేది ఒకటే, పరీక్షలో తరచూ వచ్చేవి ముందు చెప్పి మిగతావి చదువుకోమంటారు. పిల్లలు పాసవుతారు కూడా. కానీ సెకండియర్‌లో చెప్పని మెకానిజం మీద థర్డియర్ పాఠం నిలబడాలి. అక్కడికి మరో కొత్త లెక్చరర్ వస్తారు. పిల్లలకు ఇది వచ్చే ఉంటుందనుకుని ఆయన మొదలుపెడతారు. వాళ్లకు రాదన్న సంగతి ఆయనకు తెలిసేసరికి మళ్లీ సెమిస్టర్ చివరికొస్తుంది. ఎక్కడ ఆగిందో, ఏది వదిలేశారో రాసిపెట్టిన కాగితం ఒక్కటుంటే ఈ నష్టంలో సగం తప్పుతుంది. పాత లెక్చరర్ ఆ కాగితం ఎవరికివ్వాలి? కొత్తవాళ్లెవరో ఏప్రిల్‌లో ఎవరికీ తెలియదు.

మూడోదాన్ని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే అందులో ప్రాణాపాయం ఉంది. ఆ ఈథర్ సీసా సంగతి. డైఇథైల్ ఈథర్ తెరిచిన తర్వాత గాలీ వెలుతురూ తగులుతున్నకొద్దీ దానిలో పెరాక్సైడ్లు పుడతాయి. తెరిచిన కొన్ని నెలల్లోనే ఈ మార్పు మొదలవుతుంది. పాతబడ్డ ఈథర్‌ను వేడిచేసి ఆవిరి చేస్తే, అడుగున మిగిలిన పెరాక్సైడ్ పేలిపోతుంది. మూత చుట్టూ స్ఫటికాల్లాంటివి పేరుకుని ఉంటే మూత తిప్పే రాపిడే చాలు. బయటికి చూస్తే మాత్రం అది మామూలు సీసాలాగే ఉంటుంది. అందుకే సీసా మీద తెరిచిన తేదీ రాయడం, కొంతకాలానికోసారి పరీక్షించడం, గడువు దాటితే తెలిసినవాళ్ల చేత తీయించడం ప్రయోగశాలల్లో నియమం. తేదీ రాయని సీసా విషయంలో మనకున్న ఏకైక ఆధారం, దాన్ని తెరిచిన మనిషి జ్ఞాపకం. ఆ మనిషి మారిపోతే ఆధారం పోయినట్టే. ప్రతి ఏటా మనిషి మారే ల్యాబ్‌లో ఏ సీసా ఎప్పటిదో ఎవరు చెప్పగలరు?

సాల్ట్ అనాలిసిస్ ప్రాక్టికల్స్‌లో వాడే హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా ఇలాంటిదే. కుళ్లిన గుడ్ల వాసన అని పుస్తకంలో చదివిన పిల్లలు, వాసన ఆగిపోతే గ్యాస్ పోయిందనుకుంటారు. నిజానికి గాఢత పెరిగినప్పుడు ఆ వాయువు ముక్కుకున్న వాసన పట్టే శక్తినే మొద్దుబారుస్తుంది. వాసన తెలియకపోవడమే ప్రమాద సూచన కావచ్చు. ఈ సంగతి ఏ లెక్చరరైనా చెప్పగలరు. కానీ ఏ కిటికీ తెరుచుకోదో, ఏ ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరగదో ఆ ల్యాబ్‌లో నాలుగు కాలాలు పనిచేసినవాళ్లకే తెలుస్తుంది. కొత్తగా చేరిన లెక్చరర్‌కు చదువులో లోటుండదు. లోటల్లా ఆ గదితో పరిచయంలోనే. పెద్ద ప్రమాదాలు జరగకపోవడాన్ని మనం భద్రత అని పొరపడుతున్నాం.

ఇదంతా ఎందుకు ఇలా ఉంది? గెస్ట్ లెక్చరర్లు బాధ్యత లేనివాళ్లనీ, ఏడాదికోసారి వచ్చిపోయేవాళ్లనీ అనడం తేలిక. వాళ్లకు మనమిచ్చే లెక్కను చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. తెలంగాణలో ఇటీవలి సంవత్సరాల్లో గెస్ట్ లెక్చరర్‌కు గంటకు 390 రూపాయలు, నెలకు 72 గంటలకు మించకుండా ఇస్తూ వచ్చారు. గరిష్ఠంగా నెలకు 28,080 రూపాయలు. 72 గంటలంటే వారానికి పదహారు, పదిహేడు గంటల బోధన. రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు యూజీసీ 2018 నిబంధనలు పెట్టిన బోధన గంటలు కూడా వారానికి 16. పాఠం దగ్గర ఇద్దరి పనీ ఒకటే. తేడా మరొకచోట ఉంది. అవే నిబంధనలు రెగ్యులర్ అధ్యాపకుడి పనిని వారానికి 40 గంటలుగా లెక్కగట్టాయి. పాఠం చెప్పే పదహారు గంటలు పోగా మిగిలిన ఇరవై నాలుగు గంటలు పాఠం తయారీకి, పేపర్లు దిద్దడానికి, పిల్లల్ని విడిగా చూసుకోవడానికి, కళాశాల పనులకు. అంటే బోధనకు వెలుపల ఉన్న పనే ఎక్కువని ఆ నిబంధనలే ఒప్పుకున్నాయి. గెస్ట్ లెక్చరర్ లెక్కలో ఆ ఇరవై నాలుగు గంటలు లేవు. ఇంటర్నల్స్ దిద్దినా, రికార్డులు చూసినా, స్టోర్‌లో సీసాలు సర్దినా, చివరిరోజున అప్పగింతలు పెట్టినా అవి ఏ బిల్లులోకీ ఎక్కవు. ఆ పీరియడ్‌లో ఆమె చెప్పిన మాటల్లో పాఠం మినహా మిగిలినదంతా ఆమె ఉచితంగా చేసిన పని. ఒక వ్యవస్థలోని అత్యవసరమైన భాగం జీతం లేని మంచితనం మీద నడుస్తుంటే, ఆ మంచితనం అలసిపోయిన రోజున ఏమవుతుందో అధికారులు ఆలోచించాలి.

యూజీసీ మాట వచ్చింది కాబట్టి మరొకటి కూడా చెప్పాలి. 2019 జనవరిలో అది గెస్ట్ ఫ్యాకల్టీకి ఉపన్యాసానికి 1,500 రూపాయలు, నెలకు 50,000 మించకుండా ఇవ్వాలని మార్గదర్శకాలిచ్చింది. ఆ రేటులో 33 గంటలు చెబితే 49,500 అవుతుంది. ఇక్కడ 72 గంటలు చెప్పినా 28,080. అర్హతల దగ్గర మాత్రం తక్కువేమీ అడగరు. పీజీలో సాధారణంగా 55 శాతం మార్కులు ఉండాలంటారు, నెట్, సెట్, పీహెచ్‌డీ ఉన్నవాళ్లకు ప్రాధాన్యమంటారు. అదే మార్గదర్శకాల్లో గెస్ట్ ఫ్యాకల్టీ సంఖ్య మంజూరైన పోస్టుల్లో 20 శాతం దాటకూడదన్న హద్దు కూడా ఉంది. అత్యవసరానికి కొద్దిమందిని తాత్కాలికంగా తీసుకోవడం దాని ఉద్దేశం. ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్న పోస్టును ప్రతి వేసవిలో ఖాళీ చేసి, ప్రతి వానాకాలంలో నింపడం కాదు.

కోర్టులు ఈ విషయం పట్టించుకోలేదని కాదు. 2016లో పంజాబ్ ప్రభుత్వానికీ జగ్జీత్ సింగ్‌కూ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు, తాత్కాలిక ఉద్యోగులు రెగ్యులర్ ఉద్యోగులతో సమానమైన పని చేస్తుంటే వాళ్లకు ఆ స్కేలులో కనీస మూలవేతనం దక్కాలంది. 2025 ఆగస్టులో గుజరాత్ ప్రభుత్వ ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ కళాశాలల కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్ల విషయంలో జస్టిస్ పి.ఎస్. నరసింహ, జస్టిస్ జోయ్‌మాల్య బాగ్చీల ధర్మాసనం అదే దారిలో వెళ్లింది. నెలకు 30,000 రూపాయలతో పనిచేయిస్తున్న తీరును తప్పుపట్టి, కనీస స్కేలు ఇవ్వమని ఆదేశించింది. సభల్లో గురువును దైవమని కీర్తిస్తే చాలదు, ఆ గౌరవం వాళ్లతో వ్యవహరించే తీరులో కనిపించాలన్నది ఆ తీర్పు సారం. అయితే దాని పరిధిని ఎక్కువ చేసి చూడకూడదు. అది గుజరాత్‌లో నెలజీతం మీద, క్రమపద్ధతిలో ఎంపికై పనిచేస్తున్న కాంట్రాక్టు అధ్యాపకుల కేసు. గంటల లెక్కన వచ్చే గెస్ట్ లెక్చరర్‌కు అది తనంతట తాను వర్తించదు. పైగా 2006లో ఉమాదేవి కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పు, తాత్కాలికంగా చేరినవాళ్లకు పర్మినెంట్ చేయించుకునే హక్కు దానంతటదే రాదని చెప్పింది. 2023లో తెలంగాణ ప్రభుత్వం 5,544 మంది కాంట్రాక్టు ఉద్యోగులను క్రమబద్ధీకరించింది. వారిలో డిగ్రీ లెక్చరర్లు 270 మంది. గెస్ట్ లెక్చరర్లు ఆ జాబితాకు వెలుపలే ఉన్నారు. కాంట్రాక్టుకు ఒక మెట్టు కింద గెస్టు అన్న మరో మెట్టు కట్టుకున్నామన్నమాట. ఆ మెట్టు మీద నిలబడినవాళ్లు కోర్టుకు వెళ్లాలన్నా ముందు కళాశాలలో ఉండాలి. ఏప్రిల్‌లో వాళ్ల పేరే రిజిస్టర్‌లోంచి పోతుంది.

ఇక వీడ్కోలు మాటల్లోనే ఉన్న ఇంకొక ప్రమాదం. చాలామంది గెస్ట్ లెక్చరర్లు, పిల్లల ముఖాలు చూసి చెప్పలేక, "మళ్లీ జూన్‌లో కలుద్దాం" అంటారు. అందులో చెడు ఉద్దేశం ఏమీ లేదు, వాళ్ల సొంత ఆశే అది. కానీ పిల్లలు దాన్ని నమ్ముతారు. ప్రాజెక్టు అంశం ఆ సారే చూస్తారనుకుని మరొకర్ని అడగరు. పీజీ ఎంట్రన్స్‌కు ఏ పుస్తకం చదవాలో ఆ సార్ వచ్చాక అడుగుదామనుకుంటారు. జూన్ పోయి ఆగస్టు వస్తుంది. సార్ ఏ ప్రైవేటు కాలేజీలోనో, ఏ దుకాణంలోనో కుదురుకుని ఉంటారు. పిల్లలు ఎదురుచూసిన ఆ రెండు నెలలూ తిరిగి రావు. అందుకే ఈ మేడం ఇచ్చిన జవాబు కఠినంగా ఉన్నా అదే సరైనదని మేం గట్టిగా నమ్ముతున్నాం. తిరిగి వస్తానో రానో తెలియని మనిషి విద్యార్థికి ఇవ్వగలిగిన నిజమైన సాయం, తనమీద ఆధారపడకుండా చేసి వెళ్లడం. ఇది చెప్పడానికి ఎంత గుండె ధైర్యం కావాలో చెప్పినవాళ్లకే తెలుసు.

ఈ భారాన్ని ఆమె ఒక్కరి మీద వదిలేయడం మాత్రం అన్యాయం. ఖాళీ పోస్టుల భర్తీ ఒక్కరోజులో జరిగే పని కాదని మాకు తెలుసు. అది జరిగేదాకా చేయగలిగినవి ఉన్నాయి, వాటికి కొత్త చట్టం అక్కర్లేదు. కళాశాల విద్యా కమిషనరేట్ తలుచుకుంటే ఈ వేసవిలోనే అప్పగింతల రిజిస్టర్‌ను తప్పనిసరి చేయవచ్చు. గెస్ట్ లెక్చరర్ చివరిరోజున ఏ యూనిట్‌లో ఎక్కడిదాకా చెప్పారో, ఇంటర్నల్ జవాబుపత్రాలు ఎక్కడ పెట్టారో, విద్యార్థుల సంతకాలతో ఉన్న మార్కుల పట్టీ ఎవరికిచ్చారో, సైన్స్ సబ్జెక్టులైతే ల్యాబ్‌లో పాత రసాయనాలు, పనిచేయని పరికరాలు ఏవో అందులో రాయాలి. ప్రిన్సిపాల్ దానిమీద సంతకం చేయాలి. అది రాయడానికి పట్టే రెండు మూడు రోజులకు ఆ గంటల రేటు ప్రకారమే డబ్బివ్వాలి. పనిని ఉచితంగా అడిగితే రిజిస్టర్ కూడా మొక్కుబడిగానే తయారవుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం నియామక ఉత్తర్వుల తేదీ. ఏ కళాశాలలో ఏ సబ్జెక్టుకు ఎన్ని పీరియడ్లు ఖాళీగా ఉన్నాయో ఏప్రిల్ నాటికే ప్రిన్సిపాల్ దగ్గర లెక్క ఉంటుంది. ఫస్టియర్ అడ్మిషన్లు తేలకపోయినా, సెకండియర్, థర్డియర్ తరగతులు ఎప్పుడు మొదలవుతాయో, ఎంతమంది పిల్లలుంటారో ముందే తెలుసు. కనీసం ఆ తరగతుల వర్క్‌లోడ్‌కైనా మే నెలలోనే అనుమతి ఇవ్వడానికి అడ్డేమిటో అధికారులు చెప్పాలి. గత ఏడాది బాగా చెప్పినవాళ్లను మళ్లీ తీసుకునే అవకాశం ఉంటే, ఆ సంగతి వాళ్లకు ఏప్రిల్‌లోనే కాగితం మీద తెలియజేయాలి. అలా చేస్తే సెమిస్టర్ మొదటిరోజున తరగతిలో మనిషి ఉంటారు, పోయే 20 పీరియడ్లు పిల్లలకు దక్కుతాయి.

విద్యార్థులకు కూడా ఒక మాట. మీ లెక్చరర్ చివరిరోజున మీరు అడగాల్సినవి అడగండి. ఇంటర్నల్ మార్కులు మీ కళ్లతో చూడండి. రికార్డు మీద సంతకం, తేదీ రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి. ఏ భాగం మిగిలిందో నోట్సులో రాసుకోండి, కొత్తగా వచ్చినవాళ్లకు మొదటి వారంలోనే ఆ పేజీ చూపించండి. ల్యాబ్‌లో తేదీ లేని సీసా కనబడితే ముట్టుకోకుండా ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా చెప్పండి.

ఆ కళాశాలలో ఈథర్ సీసా గురించి ఆ మేడం ఇచ్చిన కాగితం ప్రిన్సిపాల్ బల్ల మీద ఉంది. దాన్ని తెలిసినవాళ్ల చేత తీయించాల్సింది ఇప్పుడు, కొత్త సెమిస్టర్ ప్రాక్టికల్స్ మొదలుకాక ముందే. మిగతా కళాశాలల్లో ఆమెలా రాసిచ్చి వెళ్లనివాళ్ల ల్యాబ్‌లను జూన్‌లోగా ఒకసారి తెరిపించి, ప్రతి సీసా మీదా తేదీ ఉందో లేదో చూడమని కమిషనరేట్ ఆదేశించాలి.